"ఇప్పుడు నువ్వెక్కడున్నావ్?" ఆన్‌లైన్ థెరపీలో అడక్క తప్పని ప్రశ్న

"మేడమ్, ఇది కౌన్సెలింగా, పోలీసు ఎంక్వయిరీయా?" అని సుజాత మొదటి సెషన్‌లోనే అడిగేసింది. అడగదా మరి, తన బాధ చెప్పుకుందామని వచ్చిన అమ్మాయిని పట్టుకుని నేను అరగంట పాటు నీ గదికి తలుపుందా, గడియ లోపల్నుంచి పడుతుందా, ఫోన్ ఎవరి పేరు మీదుంది, పక్కింట్లో నీకు నమ్మకమైన మనిషి ఎవరు, మీ పోలీస్ స్టేషన్ ఏది అని అడుగుతూ కూచున్నాను. అదే తను విజయనగరంలో నా గదికి వచ్చుంటే ఇందులో ఒక్కటి కూడా అడగక్కర్లేదు. ఎందుకంటే తలుపు నాది, గోడలు నావి, తనకి ఏమైనా అయితే పట్టుకోడానికి నేను పక్కనే ఉంటాను, రాసుకున్న కాగితం నా బీరువాలోకి వెళ్తుంది. ఫోన్లోకి మారేసరికి ఇవన్నీ వాళ్లింటి మీద పడిపోతాయి, ఆ విషయం క్లయింటుకి తెలీదు, తెలియాల్సింది నాకు. అందుకే ఆ ఎంక్వయిరీ.

ముందే చెప్పేస్తున్నా, సుజాత అసలు పేరు కాదు. ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపి, ఊరూ చుట్టరికాలూ మార్చి రాస్తున్నాను, వాళ్లని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి. పరిస్థితి మాత్రం మా దగ్గర ఎంతోమందిది. ఇరవయ్యారేళ్ల అమ్మాయి, రాజాం దగ్గర పల్లెటూరు, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని, రాత్రిళ్లు నిద్ర లేదు, పెళ్లి సంబంధాల గొడవ, మనసు బాగా కిందకి దిగిపోయింది.

ముందు ఇంటి సంగతి. మా వైపు పాత ఇళ్లు చూసినోళ్లకి తెలుసు, వరసగా గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం దాకా కనబడిపోతుంది, లోపల గదుల మధ్య గోడ పెంకుల దాకా వెళ్లదు, పైన ఖాళీ ఉంటుంది. అంటే తలుపేసుకున్నా మాట మాత్రం ఇంటిల్లిపాదికీ వినబడుతుంది. సుజాత వాళ్లది అచ్చంగా అలాంటి ఇల్లే. తను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది, పెట్టుకున్నాను కదా మేడమ్ ఇంకేం భయం అంది. ఇయర్‌ఫోన్స్ దాచేది నా మాటలే, తన మాటలు కాదు, దాచాల్సింది ఉన్నదేమో తన మాటల్లోనే. ఇది చాలామంది థెరపిస్టులు కూడా మర్చిపోతారు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి అని ఒక మెసేజ్ పెట్టేసి ప్రైవసీ అయిపోయింది అనుకుంటారు.

రెండో సెషన్‌లో ఏమైందంటే, తను బాగానే మాట్లాడుతోంది, ఉన్నట్టుండి గొంతు మారిపోయింది, "ఆ మేడమ్, ప్రాజెక్టు ఓకే మేడమ్" అంటోంది. వెనకనుంచి వాళ్లమ్మ గొంతు వినబడింది, "ఏటే గుంటా, తలుపేసుకుని గంట నుంచి ఎవరితోటి మాటాడతన్నావు?" అని. నేను వెంటనే మాట ఆపేశాను. ఇలాంటప్పుడు మామూలుగా అందరూ చేసే తప్పు ఒకటుంది, "ఏమైంది, ఎవరొచ్చారు, నువ్వు బానే ఉన్నావా" అని గబగబా అడిగేస్తారు, ఫోన్ స్పీకర్లో ఉంటే అదొక్కటి చాలు. అందుకే ముందే ఒక మాట అనుకుని ఉంచాలి. మేమిద్దరం అనుకున్నది "చార్జర్". తను చార్జర్ అనే మాట వాడిందంటే పక్కన ఎవరో ఉన్నారని అర్థం, నేను అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి, లేదా సెషన్ ఆపేసి ఇంకో టైం చూసుకోవాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నచోట ఈ మాట ఇంకా చాలా ముఖ్యం, ఎందుకంటే అక్కడ గుమ్మం బయట చెవిపెట్టి వింటున్నది అదే మనిషి కావచ్చు. అలాంటి కేసుల్లో గుర్తు మాట రెండు రకాలుగా పెట్టుకుంటాను, ఒకటి ఎవరో వచ్చారు అని, రెండోది నాకు ఇప్పుడే సాయం కావాలి అని.

మరి చోటెక్కడ? ఈ ప్రశ్నకి పుస్తకంలో జవాబు దొరకదు, ఆ ఇంటి రోజు ఎలా గడుస్తుందో అడిగి తెలుసుకోవాలి. సుజాత మొదట చెరువు గట్టు అంది. అక్కడైతే ఎవరూ వినరు నిజమే, కానీ పెళ్లికెదిగిన పిల్ల ఒక్కత్తీ గట్టు మీద గంటసేపు ఫోన్ పట్టుకుని ఏడుస్తూ కూచుంటే సాయంత్రానికి ఊరంతా ఏమనుకుంటుందో మనకి తెలీదా, అదొక కొత్త సమస్య. మేడ మీద అంది, పక్కవాళ్ల మేడ కలిసే ఉంటుంది. చివరికి తేలింది ఏంటంటే, వాళ్లమ్మ ఉదయం తొమ్మిదింటికి కల్లానికి వెళ్లి పదకొండు దాటాక వస్తుంది, మామ్మకి చెవుడు, తమ్ముడు కాలేజీ. ఆ రెండు గంటలు మాకు దొరికాయి. దానికితోడు గదిలో కాకుండా గది బయట, గుమ్మం పక్కన, ఒక పాత టేబుల్ ఫ్యాన్ పెట్టించాను. చప్పుడు తన పక్కన ఉంటే తనకే వినబడదు, గుమ్మం అవతల ఉంటే వినేవాళ్లకి మాటలు చెదిరిపోతాయి. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది అంటారా, తనచేత ఫోన్ గదిలో పెట్టించి నేను ఇటునుంచి స్పీకర్లో మామూలు గొంతుతో మాట్లాడాను, తను బయట అమ్మ కూచునే చోట కూచుని విని చెప్పింది. మూడు నిమిషాల పని.

అప్పటికీ కొన్ని మాటలు నోటితో చెప్పలేను అంటే చాట్‌లో టైప్ చేయమంటాను, మాట్లాడుతున్న కాల్లోనే. ఎవరైనా వింటున్నారా అన్న ప్రశ్న నాకూ వర్తిస్తుంది. నేను ఇంటినుంచి సెషన్ తీసుకుంటే నా తలుపు అవతల కూడా మా పిల్లలు, పనమ్మాయి ఉంటారు. అందుకే మొదటి సెషన్‌లో నేనే ముందు కెమెరా నెమ్మదిగా తిప్పి నా గది మొత్తం చూపిస్తాను, ఇదిగో తలుపు వేసుంది, ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను అని. నేను చూపించకుండా తన గది చూపించమని అడిగే హక్కు నాకెక్కడిది.

ఇక చెవులకి దొరకనిది కళ్లకి దొరికిపోవడం అని ఒకటుంది, నన్నడిగితే మన ఇళ్లల్లో దీనివల్లే ఎక్కువ బయటపడతాయి. సుజాత నాకు ఫీజు పంపింది, యూపీఐలో, నోట్ దగ్గర "కౌన్సెలింగ్ ఫీజు" అని శ్రద్ధగా రాసి మరీ. ఆ ఖాతా తను చదువుకునే రోజుల్లో తెరిచింది, బ్యాంకు మెసేజ్‌లన్నీ వాళ్ల నాన్న నంబరుకి వెళ్తాయి. అదృష్టం బాగుండి ఆ మెసేజ్‌లో డబ్బులు, నా పేరు మాత్రమే వచ్చాయి, ఎవరీవిడ అని నాన్న అడిగితే ట్రైనింగ్ అని చెప్పుకుంది, నేనే తన చేత ఒక అబద్ధం ఆడించినట్టయింది. తర్వాత వెతికితే ఇంకా ఉన్నాయి. తన వాట్సాప్ ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో వెబ్‌లో తెరిచి ఉంది, నా మెసేజ్ పడగానే స్క్రీన్ మూలన మెరుస్తుంది. మీటింగ్ లింక్ క్యాలెండర్‌లో పడుతుంది, ఆ జీమెయిల్ తమ్ముడి ఫోన్లో కూడా లాగిన్ అయి ఉంది, ఎప్పుడో ఆన్‌లైన్ క్లాసుల కోసం. నేను ఫోన్ చేస్తే ట్రూకాలర్‌లో నా పేరు పక్కన "సైకాలజిస్ట్" అని వస్తుంది. వీటిని సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది: వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి ఆ ల్యాప్‌టాప్‌ని తీసేయడం, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడకుండా పెట్టడం, సెషన్‌కి వేరే మెయిల్, డబ్బులకి తన సొంత నంబరున్న ఖాతా. మొదటి సెషన్‌కి ముందే చేయాల్సింది, నేను మూడో సెషన్ తర్వాత చేశాను, అది నా తప్పే.

ఇప్పుడు అసలు భయపెట్టే విషయానికి వస్తాను, దూరాన ఉన్న మనిషికి ప్రాణం మీదకి వస్తే ఏం చేస్తాం.

ఆరో సెషన్. ఆ రోజు టైం మార్చమంది, సాయంత్రం ఏడుకి పెట్టుకున్నాం. ప్రతి సెషన్ మొదట్లో అడిగినట్టే "ఇప్పుడు ఎక్కడున్నావమ్మా" అన్నాను, "ఇక్కడే మేడమ్" అంది. సరే అనుకున్నాను. అరగంట గడిచాక, ఇక బతకాలని లేదు అంది. ఇలాంటప్పుడు చుట్టూ తిప్పి మాట్లాడకూడదు. చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి, అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది భయపడతారు, అవదు, పైగా అడిగినందుకు ఊపిరి తీసుకుంటారు. అడిగాను. ఎప్పటినుంచి, ఎలా అని అనుకున్నావా, అందుకు కావాల్సింది చేతికి అందేంత దగ్గర్లో ఉందా, ఈ రాత్రికా, ఇంట్లో ఇంకెవరున్నారు అని ఒక్కొక్కటే అడిగాను. ఆలోచన మాత్రమే ఉండడం వేరు, దారి కూడా అనుకుని వస్తువు దగ్గర పెట్టుకోవడం వేరు. తను రెండో చోట ఉంది. ఆ వస్తువు ఇంకొకరికి ఇచ్చేద్దాం, ఇప్పుడు నీ పక్కకి ఎవర్ని పిలవగలం అని మాట్లాడుతుండగా లైన్ కట్ అయిపోయింది. ఏడూ నలభై.

మేము ముందే అనుకున్నది ఇదీ: కాల్ తెగితే రెండు నిమిషాల్లోపు నేనే మామూలు ఫోన్ చేస్తాను, తను ఎత్తకపోతే ఇంకోసారి, అయిదు నిమిషాలు దాటితే తను రాసిచ్చిన మనిషికి చేస్తాను. చేశాను. స్విచాఫ్. రాసిచ్చింది వాళ్ల పిన్ని నంబరు, రెండిళ్ల అవతల ఉంటుంది. అమ్మ పేరు పెట్టొద్దని సుజాతే చెప్పింది, గొడవ అమ్మతోనే కాబట్టి. పిన్ని ఎత్తింది.

"అమ్మా, గుంట ఇక్కడ నేదు, నిన్ననే ఇచ్ఛాపురం కాడ వాళ్ల అమ్మమ్మోరింటికి ఎలిపోనాది."

నాకు కాళ్లు చేతులు చల్లబడ్డాయి. రాజాంకీ ఇచ్ఛాపురానికీ నూట యాభై కిలోమీటర్ల పైనే. నా దగ్గరున్న ప్లాన్ మొత్తం, పిన్ని, పోలీస్ స్టేషన్ నంబరు, దగ్గరి ఆసుపత్రి, అన్నీ రాజాంవి. "ఇక్కడే" అన్న మాటని నేను జవాబుగా తీసుకున్నాను, అది జవాబు కాదు. పిన్ని దగ్గర అక్కడి మావయ్య నంబరు ఉందిగానీ వెతికి చెప్పడానికి, అది కలవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా ఇంకో ఫోన్లో 108కి చేసి ఊరి పేరు, అమ్మమ్మ ఇంటిపేరు, ఏ రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్లాలో పిన్ని చెప్పినంత మేరకు చెప్పాను. మావయ్య వెళ్లేసరికి తను గుమ్మంలో మెట్టు మీద కూచునుంది. కరెంటు పోయింది, వైఫై పోయింది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. అంతే జరిగింది. ఆ వస్తువు మావయ్య తీసుకెళ్లిపోయాడు, రాత్రంతా అత్త పక్కన పడుకుంది, అంబులెన్స్ వాళ్లొచ్చి చూసి వెళ్లారు, మర్నాడు తనని సైకియాట్రిస్టుకి చూపించారు.

ఆ రోజునుంచి నేను ఆ ప్రశ్న అడిగే తీరు మార్చేశాను. "ఎక్కడున్నావ్" అని ఆపను. ఏ ఊరు, ఎవరిల్లు, బయట ఏం గుర్తు ఉంది, రామాలయమా, వాటర్ ట్యాంకా, ఈ క్షణాన ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు, వాళ్ల నంబరేంటి. మన పల్లెల్లో డోర్ నంబరు పట్టుకుని అంబులెన్స్ రాదు, గుర్తులు పట్టుకుని వస్తుంది. చోటు మారితే అప్పటికప్పుడు ప్లాన్ కూడా మార్చి రాసుకుంటాను, మార్చకుండా సెషన్ మొదలుపెట్టను. కరెంటు సంగతి కూడా ఇప్పుడు ప్లాన్‌లో ఒక లైను, ఫోన్ చార్జింగ్ సగం పైన ఉండాలి, డేటా ప్యాక్ ఉండాలి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, అలాంటి హెచ్చరిక ఉన్నప్పుడు బాగా కిందికి దిగి ఉన్న క్లయింటుని ఫోన్ని నమ్ముకుని వదిలేయకూడదు, తుఫానుకి ముందే ఒక మనిషి తోడు పెట్టించాలి.

ఆధార్‌లో అడ్రస్ చూసి రాసుకోవడంలో మా దగ్గర ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. చాలామంది కార్డుల్లో ఇంకా పాత జిల్లానే ఉంది. ప్రాణం మీదకొచ్చిన వేళ నువ్వు శ్రీకాకుళం పోలీసులకి ఫోన్ చేసి రాజాం అంటే వాళ్లు ఇంకో జిల్లా నంబరు ఇస్తారు, ఆ నిమిషాలు పోయినట్టే. అందుకే జిల్లా కంట్రోల్ రూమ్ కాదు, ఆ ఊరు ఏ స్టేషన్ కిందకి వస్తుందో ఆ స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరే ముందు రాసుకోవాలి, ఒకసారి చేసి పనిచేస్తోందో లేదో చూసి మరీ.

రాష్ట్రం దాటితే కథ ఇంకా మారిపోతుంది. సుజాత బెంగళూరు హాస్టల్లో ఉన్నప్పుడు ఇదే జరిగితే నేను విజయనగరంలో కూచుని 108 కొట్టినా 112 కొట్టినా అది ఆంధ్రా కాల్ సెంటర్‌కే వెళ్తుంది, ఫోన్ చేసేవాళ్లు ఎక్కడున్నారో ఆ రాష్ట్రానికి కలుస్తుంది గానీ ఆపదలో ఉన్నవాళ్లు ఎక్కడున్నారో దానికి కాదు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉండి శ్రీకాకుళం క్లయింట్లని చూసే థెరపిస్టులకి ఇది తిరగేసి వర్తిస్తుంది, వాళ్లు 112 కొట్టి ఇచ్ఛాపురం అంటే అవతలి వాళ్లకి అర్థం కావడానికే టైం పోతుంది. అందుకే ఊళ్లో ఉన్న మనిషి ఫోన్ అందుకుని అక్కణ్నుంచి 108 కొట్టడం అన్నిటికన్నా తొందరగా అయ్యే పని. బెంగళూరు క్లయింటు అయితే హాస్టల్ వార్డెన్ నంబరు, రూమ్మేట్ నంబరు, అక్కడి స్టేషన్ నంబరు లేకుండా నేను రెండో సెషన్‌కి వెళ్లను. ఇవి ఇవ్వను అంటే? అడుగుతాను ఎందుకని, చాలాసార్లు "వాళ్లకి తెలిసిపోతుంది" అనే భయం. ఆ భయం తీరేలా ఏం చెప్తానో ముందే మాట కుదుర్చుకుంటే ఇస్తారు. అప్పటికీ ఒక్క మనిషి పేరు కూడా ఇవ్వలేని వాళ్లు, ఈమధ్యే ప్రాణం తీసుకోబోయిన వాళ్లు, లేని గొంతులు వినబడుతున్న వాళ్లు, వీళ్లని నేను ఆన్‌లైన్లో ఒంటరిగా మోయను, దగ్గర్లో ఎదురుగా చూసే డాక్టర్ని వెతికిపెట్టి అప్పజెప్తాను. వదిలేయడం కాదు అది, చేరే దాకా ఫోన్లో ఉంటాను. రాత్రిపూట నేను అందనప్పుడు కొట్టమని 14416 ఇస్తాను, 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. కానీ నంబరిచ్చాను కదా అని నా ప్లాన్ రాయడం మానేయడానికి లేదు.

పిన్నికి నేనేం చెప్పాను అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. గుట్టు కాపాడాలా, ప్రాణం కాపాడాలా అని దీన్ని రెండిట్లో ఒకటి ఎంచుకోవడంలా మాట్లాడతారు, చట్టం అలా చూడలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ రోగి సమాచారం గోప్యంగా ఉంచాలంటుంది, ప్రాణానికి ముప్పున్నప్పుడు చెప్పొచ్చు అని కూడా అంటుంది, కానీ ఆ ముప్పు తప్పించడానికి ఎంత అవసరమో అంతే. ఆ "అంతే" ఎంత అన్నదే మన పని. నేను పిన్నికి చెప్పింది, నాతో ఫోన్లో మాట్లాడుతుంటే కట్ అయింది, తను చాలా బాధలో ఉంది, ఇప్పుడే ఎవరో వెళ్లి పక్కన కూచోవాలి, ఒంటరిగా వదలొద్దు, ఫలానాది తనకి అందకుండా తీసేయాలి. "ఏటయినాదమ్మా, ఆ సంబంధం గొడవేనా?" అని ఆవిడ ఏడుస్తూ అడిగింది. అడగడంలో తప్పు లేదు, కన్నబిడ్డలాంటిది. కానీ ఎందుకు అన్న సంగతి చెబితే ఆ రాత్రి సుజాత ప్రాణానికి అదనంగా ఒరిగేది ఏమీ లేదు, అందుకని చెప్పలేదు. ఇవే మాటలు సుజాతకి మొదటి సెషన్‌లోనే చదివి వినిపించి ఉన్నాను, ఆపద వస్తే మీ పిన్నికి ఈ నాలుగు ముక్కలే చెప్తాను, అయిదోది చెప్పను అని, తను ఒప్పుకుంది. రెండ్రోజుల తర్వాత మాట్లాడినప్పుడు పిన్నికి, మావయ్యకి, 108 వాళ్లకి ఎవరికి ఏ మాట చెప్పానో పొల్లుపోకుండా తనకి చెప్పాను. పోలీసుల భయం కూడా తీర్చాల్సి వచ్చింది, ఇంట్లో ఎవరో కేసవుతుంది అన్నారట. అదే చట్టంలో 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించడానికి లేదు, ఇక్కడైతే ప్రయత్నం దాకా కూడా వెళ్లలేదు. ఈ ఒక్క సంగతి తెలీక ఆసుపత్రికి తీసుకెళ్లడానికే వెనకాడే ఇళ్లు మా దగ్గర ఉన్నాయి.

ఇక రాసుకున్న కాగితాలు. ఒకప్పుడు నా ల్యాప్‌టాప్ పాడైతే బాగుచేసే షాపులో ఇచ్చాను. పాస్‌వర్డ్ అడిగాడు, చిన్న కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కే అంటించాడు. సాయంత్రం ఫోన్ చేసి "మేడమ్, విండోస్ కొత్తగా వేయాలి, మీ డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ మా హార్డ్ డిస్కులోకి బ్యాకప్ తీసేశానండీ, భయపడకండి" అన్నాడు. మంచి కుర్రాడు, సాయమే చేశాడు. నా డెస్క్‌టాప్ మీద క్లయింట్ల ఫోల్డరు ఉంది, ఒక్కొక్కరి పేరుతో. పరుగెత్తుకెళ్లి నా ఎదురుగానే ఆ కాపీ చెరిపించాను, కానీ ఆ మధ్యాహ్నం ఆ డిస్కు ఎవరెవరి చేతుల్లో తిరిగిందో నాకు ఎప్పటికీ తెలీదు. తాళం వేసిన బీరువా అని మనం అనుకునేది అక్కడ ఆ బల్ల మీద తెరిచి ఉంది.

ఇలాంటిదే పెద్దగా జరిగితే ఎలా ఉంటుందో ఫిన్లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ కేసు చూస్తే తెలుస్తుంది. వాళ్ల పేషెంట్ల డేటాబేస్ సరైన రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కి అందుబాటులో ఉండిపోయింది, దొంగిలించినవాడు 2020 సెప్టెంబర్ చివర్లో ముందు సంస్థని డబ్బులడిగాడు, ఇవ్వకపోయేసరికి అక్టోబర్లో నేరుగా పేషెంట్లకే మెయిళ్లు పెట్టాడు, 200 యూరోల బిట్‌కాయిన్ ఇవ్వకపోతే నువ్వు థెరపిస్టుకి చెప్పుకున్నది బయటపెడతాను అని. దాదాపు 33,000 మంది రికార్డులు. ఆ సంస్థ తర్వాత దివాలా తీసింది, ఆ పని చేసిన మనిషికి 2024లో జైలుశిక్ష పడింది. నాకు ఆ కేసులో కలుక్కుమనేది హ్యాకింగ్ సంగతి కన్నా ఇంకోటి, థెరపిస్టులు సెషన్‌లో విన్న మాటల్ని వివరంగా రాసి అదే చోట పెట్టడం. రాయని మాటని ఎవడూ దొంగిలించలేడు.

కాబట్టి తాళం ఎంత గట్టిది అన్నదానికన్నా ముందు, ఏం రాస్తున్నాం అన్నది. సుజాత ఫైల్లో నేను పెళ్లి గొడవ ఎవరి గురించి, అబ్బాయిది ఏ కులం, ఎవరు ఏ మాట అన్నారు, ఇవేవీ రాయను. "కుటుంబంతో వివాహ విషయంలో ఒత్తిడి, నిద్ర మూడు నాలుగు గంటలు, ఆకలి తగ్గింది" అంటే వైద్యానికి సరిపోతుంది. కానీ ఆపద రోజు సంగతి అలా పొదుపుగా రాస్తే కుదరదు, అక్కడ నిమిషాలతో సహా రాయాలి: తను ఏం చెప్పింది, నేనేం అడిగాను, 7.40కి కాల్ తెగింది, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశాను, వాళ్లకి ఏ మాట చెప్పాను, ఏ కారణంతో గుట్టు విప్పాల్సి వచ్చింది. రేపు ఎవరైనా అడిగితే అదే నాకు సాక్ష్యం, తనకి కూడా. మరో లెక్కేంటంటే ఆ 2017 చట్టంలోనే 25వ సెక్షన్ ప్రకారం రోగికి తన వైద్య రికార్డు చూసే హక్కుంది, కాబట్టి ఎదురుగా కూచుని తను చదువుతుంటే నేను తలదించుకోవాల్సిన మాట ఏదీ అందులో ఉండకూడదు.

దాచే పద్ధతి నాది ఇప్పుడు చాలా మామూలుది. ఫైలు మీద పేరుండదు, నంబరుంటుంది, ఏ నంబరు ఎవరిదో రాసిన చిన్న నోటుబుక్కు ఇంకోచోట తాళంలో ఉంటుంది. ల్యాప్‌టాప్ డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది, విండోస్‌లో బిట్‌లాకర్ అని ఉంటుంది చూడండి, అది ఆన్ చేసి రికవరీ కీ ప్రింటు తీసి విడిగా పెట్టాను, ఆ కీ పోగొట్టుకుంటే నాకూ దొరకవు మరి. రిపేరుకిస్తే డిస్కు తీసేసి ఇస్తాను. మెయిల్‌కి రెండంచెల లాగిన్. వాట్సాప్‌లో టైం మార్చుకోవడం తప్ప థెరపీ మాటలు ఉండవు, మెసేజ్‌లు దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమేగానీ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కి ఆ రక్షణ మనం విడిగా ఆన్ చేస్తేనే ఉంటుంది, అది ఆన్ చేయని ఫోన్లే ఎక్కువ. సెషన్ రికార్డింగ్ చేయను, తననీ చేయొద్దంటాను, చేసినా అది ఆ తమ్ముడి ఫోన్లో ఉన్న జీమెయిల్‌కే ఫోటోలతో పాటు ఎక్కేస్తుంది. డాక్టర్లు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది, నేనూ అంతకు తగ్గకుండా ఉంచి, ఆ తర్వాత క్లయింటుకి చెప్పి చెరిపేస్తాను, రీసైకిల్ బిన్‌తో సహా. నాకే ఏమైనా అయితే ఆ తాళం ఎవరు తీయాలి, క్లయింట్లకి ఎవరు ఫోన్ చేయాలి అన్నది నా తోటి సైకాలజిస్టు ఒకావిడ దగ్గర కవరులో రాసి పెట్టాను.

నాలుగు నెలల తర్వాత సుజాత విజయనగరం వచ్చింది, మొదటిసారి ఎదురుగా కూచుంది. నా గురించి ఏం రాశారో చూడొచ్చా మేడమ్ అంది. ఫైలు ముందు పెట్టాను. నిద్ర గురించి, మందుల గురించి తిప్పేసి ఆ సాయంత్రం పేజీ దగ్గర ఆగింది, రెండుసార్లు చదివింది. "క్లయింటు తానున్న చోటు సరిగా చెప్పలేదు" అని రాసి ఉంది అక్కడ. వేలు పెట్టి చూపించింది. "నేను సరిగానే చెప్పాను మేడమ్. మీరు ఎక్కడున్నావ్ అన్నారు, ఇక్కడే అన్నాను. చిన్నప్పటినుంచి నాకు ఇల్లంటే అమ్మమ్మ ఇల్లే."

రికార్డులో రాసింది కొట్టేయకూడదు, చెరపకూడదు. ఆ లైను కింద ఆ రోజు తేదీ వేసి, "స్థలం గురించి థెరపిస్టు అడిగిన ప్రశ్న స్పష్టంగా లేదు, క్లయింటు తనకి తెలిసినంతవరకు నిజమే చెప్పింది" అని రాసి సంతకం పెట్టాను. తను ఇంకోసారి చదివి, ఫైలు మూసి నా వైపు జరిపింది.